రెండు చాక్‌పీసులు, ఒకే వినెగర్: ఒకటి పొంగుతుంది, ఒకటి నానుతుంది

హైదరాబాద్‌లో ఏ స్టేషనరీ దుకాణానికి వెళ్లినా తెల్ల చాక్‌పీసులు రెండు రకాలు ఉంటాయి. ఒకటి మామూలుది, రెండోది డస్ట్‌లెస్ అని పెట్టె మీద రాసి ఉండేది. మామూలు చాక్‌పీసు చాలా మట్టుకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. డస్ట్‌లెస్‌ది ఎక్కువగా కాల్షియం కార్బోనేట్. చేతిలో పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు. రెండు గాజు గ్లాసుల్లో కొద్దికొద్దిగా తెల్ల వినెగర్ పోసి చెరో ముక్క వేస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. డస్ట్‌లెస్ ముక్క చుట్టూ బుడగలు కమ్ముకుంటాయి, నురగ పైకి లేస్తుంది, కొన్ని గంటల్లో ముక్క సన్నబడిపోతుంది. మామూలు ముక్క నుంచి మొదట నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతాయి. ఆ నాలుగు బుడగలు కూడా చాక్‌పీసు రంధ్రాల్లో ఇరుక్కున్న గాలే. మంచినీళ్లలో వేసినా అలాగే వస్తాయి. కాబట్టి ముక్కను ముందు ఒక నిమిషం నీళ్లలో ముంచి తీసి, ఆ తర్వాత వినెగర్‌లో వేయడం మంచిది.

ఇంతవరకు వింత ఏమీ లేదు. వింత ఎక్కడుందంటే, వినెగర్ బదులు మామూలు నీళ్లు తీసుకుంటే ఫలితం తలకిందులవుతుంది. లీటరు నీళ్లలో జిప్సం సుమారు 2.4 గ్రాములు కరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరని స్వచ్ఛమైన నీళ్లలో కాల్షియం కార్బోనేట్ కరిగేది దాదాపు 14 మిల్లీగ్రాములే. అంటే నీళ్లలో జిప్సం నూట యాభై రెట్లకు పైగా ఎక్కువ కరుగుతుంది. అదే జిప్సం వినెగర్‌లో కదలకుండా కూర్చుంటే, నీళ్లకు లొంగని కార్బోనేట్ కరిగిపోతోంది. రెండింట్లోనూ ఉన్నది కాల్షియమే, పోసింది ఒకే ఆమ్లం. తేడా అంతా కాల్షియం పక్కనున్న జోడీలో ఉంది.

దీనికి మామూలుగా చెప్పుకునే కారణం "ఆమ్లం రాయిని తినేస్తుంది" అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ అది నిజమైతే జిప్సాన్ని కూడా తినేయాలి కదా. ఆమ్లం ప్రధానంగా చేసే పని వేరు. నీళ్లలోకి వచ్చిన కార్బోనేట్‌ను అది తిరిగి రాయిలోకి వెళ్లనివ్వదు.

నీళ్లలో వేసిన ఏ లవణమైనా, ఎంత మొండిదైనా, ఊరికే ఉండదు. దాని ఉపరితలం నుంచి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, నీళ్లలోకి వస్తూ ఉంటాయి, నీళ్లలోవి తిరిగి వచ్చి అంటుకుంటూ ఉంటాయి. వచ్చేవీ పోయేవీ సమానమైనప్పుడు ఇక కరగడం ఆగినట్టు కనిపిస్తుంది. దీన్నే సమతాస్థితి అంటారు.

CaCO₃ ⇌ Ca²⁺ + CO₃²⁻

నీళ్లలో ఉన్న కాల్షియం, కార్బోనేట్ గాఢతలను గుణిస్తే వచ్చే విలువ ఒక హద్దు దాటకూడదు. ఇంటర్ పుస్తకాల్లో ద్రావణీయతా లబ్ధం అని చదువుకునేది ఈ హద్దునే. కాల్సైట్ రూపంలోని కాల్షియం కార్బోనేట్‌కు, 25 డిగ్రీల దగ్గర, అది సుమారు 3.3 × 10⁻⁹. చాలా చిన్న అంకె, అందుకే నీళ్లలో అంత తక్కువ కరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: హద్దు రెండింటి లబ్ధం మీద ఉంది, విడిగా కాల్షియం మీద లేదు. కార్బోనేట్‌ను ఎవరైనా నీళ్లలోంచి మాయం చేస్తూ పోతే, కాల్షియం ఎంత పెరిగినా హద్దు దాటదు. గుడి ముందు చెప్పుల జతలో ఒకటి పోతే రెండోది ఉన్నా లేనట్టే. అలాగే కార్బోనేట్ దొరకని కాల్షియం ఒంటరిగా తిరిగి రాయిలో చేరలేదు.

మరి కార్బోనేట్‌ను మాయం చేసేదెవరు? వినెగర్‌లోని హైడ్రోజన్ అయాన్. కార్బోనిక్ ఆమ్లం బలహీనమైనది, అంటే తన హైడ్రోజన్‌ను సులువుగా వదలదు. ఆ మాటనే అటు నుంచి చూస్తే, హైడ్రోజన్ పోగొట్టుకున్న కార్బోనేట్ అయాన్ దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఆవురావురుమంటూ ఉంటుంది. ఒక హైడ్రోజన్ అందితే బైకార్బోనేట్ అవుతుంది, రెండోది కూడా అందితే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఏ రూపం ఎంత ఉంటుందో పీహెచ్ చెబుతుంది; ఆ అంకె ఎంత తక్కువైతే ద్రావణం అంత ఆమ్లం. పీహెచ్ 10.3 దగ్గర కార్బోనేటూ బైకార్బోనేటూ సగం సగం ఉంటాయి. 6.35 దగ్గర బైకార్బోనేటూ కార్బోనిక్ ఆమ్లమూ సగం సగం. ఈ రెండు అంకెల కంటే పీహెచ్ కిందికి దిగే ప్రతి మెట్టుకూ ఆ నిష్పత్తి పదింతలు మారుతుంది.

అంగట్లో దొరికే 4 శాతం వినెగర్ పీహెచ్ సుమారు 2.5. లెక్క వేస్తే, ఆ పీహెచ్ దగ్గర నీళ్లలోకి వచ్చిన కార్బోనేట్‌లో కార్బోనేట్‌గానే మిగిలేది దాదాపు యాభై వేల కోట్లలో ఒక వంతు. మిగతాదంతా వేషం మార్చేసి ఉంటుంది. హద్దు దాటాలంటే కార్బోనేట్ కావాలి, అదేమో లేదు. రాయి నుంచి అయాన్లు వస్తూనే ఉంటాయి, తిరిగి వెళ్లేవి ఉండవు. పైగా కార్బోనిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌గానే ఉంటుంది, అది బుడగలై గ్లాసు దాటి గాలిలో కలిసిపోతుంది. అలా పోయినది ఇక వెనక్కి రాదు. మొత్తం కలిపి రాస్తే ఇది:

CaCO₃ + 2CH₃COOH → Ca²⁺ + 2CH₃COO⁻ + H₂O + CO₂

ఇప్పుడు జిప్సం సంగతి. సల్ఫేట్ అయాన్ పుట్టిల్లు సల్ఫ్యూరిక్ ఆమ్లం, చాలా బలమైనది. అంత సులువుగా హైడ్రోజన్‌ను వదిలేసిన సల్ఫేట్‌కు దాన్ని మళ్లీ పట్టుకోవాలన్న తొందర ఉండదు. సల్ఫేట్, బైసల్ఫేట్ సగం సగం ఉండాలంటే పీహెచ్ 2 దాకా దిగాలి. వినెగర్‌లో పావు వంతు సల్ఫేట్ మాత్రమే బైసల్ఫేట్‌గా మారుతుంది, ముప్పావు వంతు అలాగే ఉండి కాల్షియంకు జోడీగా దొరుకుతుంది. దానివల్ల జిప్సం కరగడం పది శాతం అటూ ఇటూగా పెరగవచ్చు, కంటికి అది కనిపించదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నుంచి వచ్చిన సిల్వర్ క్లోరైడ్‌లో ఈ పాటి మార్పు కూడా ఉండదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో క్లోరైడ్ పరీక్షకు సిల్వర్ నైట్రేట్ వేసే ముందు నైట్రిక్ ఆమ్లం పోయించడంలో కిటుకు ఇదే. ఆమ్లం సిల్వర్ కార్బోనేట్‌ను తెల్ల అవక్షేపంగా నిలబడనివ్వదు, సిల్వర్ క్లోరైడ్‌ను ముట్టుకోదు. ఆ తెల్లదనం చూసి ఇది క్లోరైడే అని ధైర్యంగా రాయవచ్చు.

వినెగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కూడా బలహీనమైనదే కదా, ఒక బలహీన ఆమ్లం ఇంకో బలహీన ఆమ్లపు లవణాన్ని ఎలా కరిగిస్తుంది అని అడగవచ్చు. బలహీనం అన్నది తూకం మాట, ఎవరితో పోల్చితే అన్నది చూడాలి. ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 4.76 దగ్గరే సగం విడిపోతుంది, కార్బోనిక్ ఆమ్లానికి 6.35 దాకా పోవాలి. అందుకే హైడ్రోజన్ ఎసిటేట్ చేతిలోంచి కార్బోనేట్ చేతిలోకి వెళుతుంది.

బలహీనంగా ఉండటం వల్ల వినెగర్‌కు ఒక లాభం కూడా ఉంది. 4 శాతం వినెగర్‌లో వెయ్యి ఎసిటిక్ ఆమ్ల అణువుల్లో ఏ సమయంలోనైనా విడిపోయి ఉండేవి ఐదే. మిగతా 995 జేబులో దాచుకున్న డబ్బులాంటివి. ఉన్న హైడ్రోజన్ ఖర్చయ్యే కొద్దీ కొత్తవి విడిపోతూ వస్తాయి. అదే 2.5 పీహెచ్ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు తీసుకుంటే, అందులో ఉన్నదంతా పైకి కనిపిస్తున్నదే. అది కరిగించగలిగేది 16 మిల్లీగ్రాముల కాల్షియం కార్బోనేట్. అంతే వినెగర్‌లో 4 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, లెక్క ప్రకారం అది 3.3 గ్రాముల కార్బోనేట్‌కు సరిపోతుంది. పీహెచ్ పేపర్ మాత్రం రెండింటికీ ఒకే రంగు చూపిస్తుంది.

ఈ 3.3 గ్రాములను వంటింట్లోకి తీసుకొస్తే అంకె అర్థవంతమవుతుంది. హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా గార పట్టడం అందరూ చూసేదే. ఉప్పునీళ్లు అంటుంటాం కానీ ఈ గార ఉప్పుది కాదు. బోరు నీళ్లలో కాల్షియం చాలావరకు బైకార్బోనేట్ పక్కన కరిగి ఉంటుంది. మరిగించినప్పుడు కార్బన్ డయాక్సైడ్ తరిమేయబడుతుంది, బైకార్బోనేట్ కార్బోనేట్‌గా మారుతుంది, హద్దు దాటిపోతుంది, రాయి అడుగున పేరుకుంటుంది. గ్లాసులో చాక్‌పీసు కరిగిన కథను వెనక నుంచి చెప్పినట్టే ఇది.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఒక ఇంట్లో నీళ్లు మరిగిస్తే లీటరుకు 200 మిల్లీగ్రాముల కార్బోనేట్ విడిపోతుందని, రోజుకు ఒక లీటరు కాస్తారని అనుకుందాం. పదిహేను రోజుల్లో మొత్తం 3 గ్రాములు. కొంత పొరలు పొరలుగా తేలి టీలోకి పోతుంది కాబట్టి కెటిల్‌కు అంటుకునేది ఇంకా తక్కువ. కాగితం మీద 100 మిల్లీలీటర్ల వినెగర్ చాలు.

కెటిల్‌లో మాత్రం సరిగ్గా చాలదు. చాలామంది వినెగర్ పోసి, బుడగలు తగ్గాక పారబోసి, ఇంకా గార మిగిలింది, వినెగర్ నకిలీదేమో అని అనుమానపడేది ఇక్కడే. గార కరిగే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది, ఆమ్లం తరుగుతుంది, నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ నిండిపోతుంది. ఆ నిండిన వాయువు పోటీకి దిగి, కరగడాన్ని వెనక్కి నెడుతుంది. పీహెచ్ 5 దాటేసరికి, ఆమ్లంలో ఇంకా కొంత భాగం వాడకుండానే మిగిలి ఉన్నా, పని దాదాపు నిలిచిపోతుంది. బుడగలు ఆగాయంటే గార అయిపోయిందనీ కాదు, ఆమ్లం అయిపోయిందనీ కాదు. వాయువు బయటికి పోవాలి, అంతే. గోరువెచ్చగా చేసినా, అప్పుడప్పుడు కదిపినా, గంటల తరబడి మూత తీసి వదిలేసినా మళ్లీ కదులుతుంది. అన్నిటికంటే సులువు, లెక్క కంటే రెట్టింపు వినెగర్ పోయడం, లేదా సగం సగం రెండు విడతలుగా పోయడం. పాతది పారబోసి కొత్తది పోస్తే నిండిన వాయువు కూడా దానితోనే పోతుంది.

కదపడానికి ఇంకో కారణం ఉంది. సమతాస్థితి లెక్క ఎంత కరుగుతుందో చెబుతుంది, ఎంత త్వరగా కరుగుతుందో చెప్పదు. బాగా ఆమ్లంగా ఉన్న ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ కార్బోనేట్ నీళ్లలోకి వచ్చేదాకా ఆగదు, నేరుగా రాయి ఉపరితలం మీదే పట్టుకుంటుంది. అప్పుడు వేగాన్ని నిర్ణయించేది కొత్త ఆమ్లం రాయి దాకా చేరడమే. డస్ట్‌లెస్ చాక్‌పీసును పొడి చేసి వేస్తే నురగ గ్లాసు దాటి పొర్లేది, ముక్కగా వేస్తే నెమ్మదిగా నడిచేది అందుకే. కరిగే మొత్తం మాత్రం రెండింట్లో ఒకటే.

ఏ ఆమ్లమైనా వినెగర్‌లా పనిచేస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. కార్బోనేట్‌ను తప్పించగానే సరిపోదు, విడుదలైన కాల్షియం కొత్త జోడీతో కూడా కరిగే ఉండాలి. కాల్షియం ఎసిటేట్ నీళ్లలో బ్రహ్మాండంగా కరుగుతుంది, కాబట్టి వినెగర్‌తో ఈ తలనొప్పి లేదు. సున్నపురాయి మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పడితే మొదట చిమ్ముతూ పొంగి, కాసేపటికి చల్లబడిపోతుంది. ఏర్పడిన కాల్షియం సల్ఫేట్ రాయి చుట్టూ తొడుగులా పట్టేసి ఆమ్లాన్ని లోపలికి రానివ్వదు. మన మామూలు చాక్‌పీసు సరుకే డస్ట్‌లెస్ సరుకుకు కవచమైందన్నమాట. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, గారను బాగానే కరిగిస్తుంది కానీ చిక్కగా కలిపి బాగా మరిగిస్తే కాల్షియం సిట్రేట్ తెల్లగా దిగుతుంది. గార పోలేదనుకుని మళ్లీ అదే పోస్తే అది ఇంకా పెరుగుతుంది. పలుచగా కలిపి, గోరువెచ్చగా వాడితే ఈ తిప్పలు ఉండవు.

బలహీన ఆమ్లపు లవణమైనంత మాత్రాన వినెగర్‌కు లొంగాలనీ లేదు. కాల్షియం ఆక్సలేట్ దీనికి మంచి ఉదాహరణ. ఆక్సలేట్ పీహెచ్ 4.3 దగ్గరే సగం హైడ్రోజన్ పట్టుకుంటుంది కాబట్టి, వినెగర్‌లో దాని కరిగే గుణం పెరిగే మాట నిజమే. ఎంత పెరుగుతుందంటే ఏడెనిమిది రెట్లు. నీళ్లలో లీటరుకు ఐదారు మిల్లీగ్రాములు కరిగేది, అక్కడ యాభై దాకా కరుగుతుంది. యాభై మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు, పైగా వాయువుగా ఎగిరిపోయే దారీ ఆక్సలేట్‌కు లేదు. ప్రాక్టికల్స్‌లో కాల్షియంను రుజువు చేసేటప్పుడు, ఆక్సలేట్ అవక్షేపం ఎసిటిక్ ఆమ్లంలో కరగదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరుగుతుంది అని రాయించేది ఈ లెక్క మీదే. కిడ్నీలో రాళ్లకు వినెగర్ తాగమని వాట్సాప్‌లో తిరిగే సలహా కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ రాళ్లలో ఎక్కువ భాగం ఆక్సలేటే. ఎసిటిక్ ఆమ్లం ఒంట్లో ఖర్చయిపోతుంది, వినెగర్‌గా రాయి దాకా చేరదు. మూత్రం పీహెచ్ మామూలుగా 5 నుంచి 7 మధ్య ఉంటుంది, ఆ స్థాయిలో ఆక్సలేట్ హైడ్రోజన్ వైపు పెద్దగా కన్నెత్తి కూడా చూడదు.

కార్బోనేట్‌ను మాత్రం ఈ నగరంలో ఎక్కడైనా పట్టుకోవచ్చు. పాత ఇళ్లలో పరిచిన తాండూరు బండలు, షాబాద్ బండలు సున్నపురాయే. వాటి మీద నిమ్మరసం పడి అరగంట ఉంటే ఆ మేర నునుపు పోయి మసక మచ్చ మిగులుతుంది. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది అంటుకున్న మరక కాదు, పోయిన రాయి. పక్కనే వంటగట్టు మీది గ్రానైట్‌కు అదే నిమ్మరసం ఏమీ చేయదు. గ్రానైట్‌లో ఉన్నది సిలికా, సిలికేట్లు. బండ ఏదో తెలియక బాత్‌రూమ్ యాసిడ్ పోసి కడిగిన వాళ్లు తర్వాత పాలిష్ వాళ్లను పిలవాల్సి వస్తుంది. కొనే ముందు మూలన ఒక చుక్క వినెగర్ వేసి, చెవి దగ్గర పెట్టి వింటే చాలు. సన్నగా చుయ్‌మంటే సున్నపురాయి. కెటిల్ గార విషయంలోనూ ఇదే పరీక్ష: చుక్క వేసినా పలకని గట్టి పొర సల్ఫేట్‌దో సిలికాదో కావచ్చు, దాని మీద బాటిళ్ల కొద్దీ వినెగర్ పోయడం దండగ.

డస్ట్‌లెస్ చాక్‌పీసు వేసిన గ్లాసు రాత్రంతా ఉంచి, తెల్లారి పైనున్న తేట నీటిని వేరే గ్లాసులోకి వంపితే, చూడటానికి అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. బట్టల సోడాను నీళ్లలో కలిపి చెంచా చెంచా చొప్పున అందులో వేస్తే, మొదట బుస్సుమని పొంగుతుంది, అది మిగిలిపోయిన ఆమ్లం. పొంగడం ఆగాక ఇంకో చెంచా వేస్తే గ్లాసు పాలలా తెల్లబడుతుంది. సోడా తెచ్చిన కార్బోనేట్‌ను పట్టుకునే హైడ్రోజన్ ఇక లేదు, కాల్షియంకు జోడీ దొరికింది. అడుగున దిగే ఆ తెల్లపొడి మళ్లీ కాల్షియం కార్బోనేటే, ఇంకొంచెం వినెగర్ పోస్తే బుడగలొచ్చి తేటపడుతుంది.